వాయిదా తగ్గించమని బ్యాంకును అడిగే హోటల్ యజమాని ఏం రాయాలి?

అప్పు కట్టలేక ఇబ్బందుల్లో పడ్డ హోటల్ యజమాని బ్యాంకుకు రాసే ఉత్తరం చాలాసార్లు నాలుగు వాక్యాల్లో ముగుస్తుంది. వ్యాపారం దెబ్బతింది, ఇంట్లో కష్టాలున్నాయి, ఇన్నాళ్లూ సక్రమంగా కట్టాను, దయచేసి కొంత గడువు ఇప్పించగలరు. అందులో ఒక్క అబద్ధం ఉండదు. అయినా దాన్ని చేతిలో పట్టుకుని బ్రాంచ్ మేనేజర్ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఎన్ని నెలల గడువు? ఆ నెలల్లో ఎంత కడతారు? ఆ తర్వాత ఎంత కట్టగలరు? కట్టగలరనడానికి ఆధారమేది? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే పై ఆఫీసుకు పంపే నోట్‌లో ఆయన రాయడానికి ఏమీ దొరకదు. ఉత్తరం ఫైల్లోకి వెళ్తుంది, వాయిదా బకాయిలోకి వెళ్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇలాంటి అభ్యర్థనను పట్టించుకోవాలా వద్దా అన్నది మేనేజర్ దయాదాక్షిణ్యాల మీద మాత్రమే ఆధారపడి లేదు. చిన్న పరిశ్రమలు, వ్యాపారాలు చితికిపోతున్నప్పుడు బ్యాంకులు ఏం చేయాలో చెబుతూ కేంద్ర ప్రభుత్వం 2015 మే నెలలో ఒక విధానాన్ని నోటిఫై చేసింది. దాన్ని అమలు చేయమని రిజర్వ్ బ్యాంకు 2016 మార్చిలో బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. 25 కోట్ల రూపాయల లోపు అప్పులున్న సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇది వర్తిస్తుంది. హోటల్ కూడా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉంటే ఈ కోవలోకే వస్తుంది. బ్యాంకు పిలిచేదాకా ఆగనక్కర్లేదు, వ్యాపారం నిలబడదేమో, అప్పు తీర్చలేనేమో అన్న భయం ఉన్న యజమాని తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది. 2024 ఆగస్టు 1న ప్రో నిట్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఆదేశాలు బ్యాంకులు తప్పక పాటించాల్సినవేనని తేల్చింది. అదే తీర్పులో వ్యాపారికీ ఒక హెచ్చరిక ఉంది: తనది ఈ విధానం కిందికి వచ్చే సంస్థ అని, తన పరిస్థితి ఇదీ అని సరైన పత్రాలతో బ్యాంకు దృష్టికి సకాలంలో తేవాల్సిన బాధ్యత అతనిదే. అంతా అయిపోయాక, వేలం నోటీసు గోడమీద అంటించాక, అప్పుడు గుర్తుచేసుకుంటే కుదరదు.

కాబట్టి ఉత్తరం ఎప్పుడు రాశారన్నది, అందులో ఏం రాశారన్నంత ముఖ్యం. వాయిదా తేదీ దాటిన రోజునుంచే బ్యాంకు కంప్యూటర్ రోజులు లెక్కపెడుతుంది. 30 రోజుల వరకు ఎస్‌ఎంఏ-0, 31 నుంచి 60 వరకు ఎస్‌ఎంఏ-1, 61 నుంచి 90 వరకు ఎస్‌ఎంఏ-2. తొంభై దాటితే ఖాతా మొండిబకాయి. ఆ తర్వాత తాకట్టు ఆస్తి మీద సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చే దారి బ్యాంకుకు తెరుచుకుంటుంది. మొదటి వాయిదా తప్పిన నెలలోనే, వీలైతే తప్పబోతోందని తెలిసినప్పుడే ఉత్తరం వెళ్లాలి. పది లక్షల లోపు అప్పయితే బ్రాంచ్ మేనేజరే పరిశీలించవచ్చు. అంతకు మించితే బ్యాంకు ప్రాంతీయ స్థాయి కమిటీకి వెళ్తుంది. అందులో బ్యాంకు అధికారులతో పాటు బయటి నిపుణుడు ఒకరు, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి ఒకరు ఉంటారు. వాళ్లెవరూ మీ హోటల్లో భోంచేసి ఉండరు. మీ పెసరట్టు ఎంత బాగుంటుందో వాళ్లకు తెలియదు. కాగితం మీద ఉన్నదే వాళ్లకు హోటల్.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది వివరించడం కోసం అల్లుకున్నదే గానీ, మన జిల్లా కేంద్రాల్లో బస్టాండు చుట్టుపక్కల ఇలాంటి హోటళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం మళ్లీ టిఫిన్లు. కిచెన్ సామాను, ఏసీ హాలు కోసం యజమాని 30 లక్షల టర్మ్ లోన్ తీసుకున్నాడు. వడ్డీ 11 శాతం, ఏడేళ్లు, నెలకు 51,367 రూపాయల వాయిదా. నెలకు ఆరు లక్షల అమ్మకం ఉన్నప్పుడు అది బరువు కాలేదు. తర్వాత హోటల్ ముందు వంతెన పని మొదలైంది. ఏడు నెలలు రోడ్డు మూసేశారు. అమ్మకం పడిపోతూ చివరికి ఒక నెల 2 లక్షల 70 వేలకు దిగింది. దాచుకున్న డబ్బు తెచ్చి వాయిదాలు కట్టాడు. కిరాణా కొట్టుకు, పాల కేంద్రానికి, కూరగాయల వ్యాపారికి బాకీ పడ్డాడు. రోడ్డు తెరిచాక మూడు నెలల అమ్మకాలు వరుసగా 3 లక్షల 30 వేలు, 3 లక్షల 80 వేలు, 4 లక్షల 30 వేలు. జనం వస్తున్నారు. కానీ దాచుకున్నది అయిపోయింది. 24 వాయిదాలు కట్టిన మనిషి 25, 26 వాయిదాలు తప్పాడు. బాకీ వడ్డీతో కలిపి దాదాపు 24 లక్షలు. పాత వాయిదా తప్పి నలభై రోజులైంది.

ఇక్కడ బ్యాంకు అధికారికి వచ్చే మొదటి సందేహం న్యాయమైనదే. అమ్మకం పెరుగుతోందంటున్నారు, మరి వాయిదా ఎందుకు ఆగింది? దీనికి జవాబు ఇవ్వాలంటే యజమాని తన హోటల్ ఖర్చును రెండు కుప్పలుగా విడదీయాలి. అమ్మకంతో పాటు పెరిగే, తగ్గే ఖర్చు ఒకటి. మన ఉదాహరణలో వందరూపాయల అమ్మకానికి సరుకులు, పాలు, కూరగాయలు 40, గ్యాస్ 7, పార్సిల్ డబ్బాలు, డెలివరీ కంపెనీల కమీషన్ కలిపి 5. అంటే వందలో 52 పోతుంది, 48 మిగులుతుంది. రెండో కుప్ప, ఒక్క ఇడ్లీ అమ్మకపోయినా తప్పనిది. అద్దె, జీతాలు, కరెంటు, ఇంటి ఖర్చు. ఇవి ఇంతకుముందు 2 లక్షల 7 వేలు. రోడ్డు మూసిన కాలంలో యజమాని ఇద్దరు పనివాళ్లను తగ్గించి, బిల్డింగ్ ఓనరుతో మాట్లాడి అద్దె 55 వేల నుంచి 45 వేలకు దించుకున్నాడు. జీతాలు లక్షా 5 వేల నుంచి 75 వేలకు వచ్చాయి. కరెంటు, నీళ్లు, చిల్లర ఖర్చులు 22 వేలు, ఇంటికి తీసుకునేది 25 వేలు. మొత్తం లక్షా 67 వేలు.

ఇప్పుడు రోడ్డు తెరిచిన మూడు నెలలు చూడండి. 3 లక్షల 30 వేల అమ్మకంలో 48 శాతం లక్షా 58 వేల 400. స్థిర ఖర్చు తీసేస్తే 8,600 లోటు. రెండో నెల 15,400 మిగిలింది. మూడో నెల 39,400. హోటల్ కోలుకుంటోందన్నదీ నిజమే, 51,367 కట్టలేకపోయాడన్నదీ నిజమే. రెండూ ఒకే లెక్కలోంచి వచ్చాయి. ఉత్తరంలో ఈ లెక్క కనిపిస్తే సందేహం అడగకముందే తీరిపోతుంది.

ఇంటి ఖర్చును ఈ లెక్కలో వేయడానికి చాలామంది జంకుతారు. బ్యాంకుకు చెప్పకూడని సంగతనుకుంటారు. కానీ దాన్ని దాచి మిగులు ఎక్కువ చూపిస్తే, ఆ మిగులును నమ్మి బ్యాంకు నిర్ణయించిన కొత్త వాయిదాను రెండో నెల్లోనే తప్పాల్సి వస్తుంది. పిల్లల ఫీజు కట్టకుండా ఎవరూ బ్యాంకుకు కట్టరు. అది బ్యాంకుకూ తెలుసు.

ఇక ప్రతిపాదన. గడువు ఎన్ని నెలలు అడగాలన్నది నోటికొచ్చిన అంకె కాకూడదు. మన యజమానికి సరుకుల వాళ్ల బాకీ 90 వేలు ఉంది. అది తీరకపోతే వాళ్లు అరువు ఆపేస్తారు, రోజూ నగదు పెట్టి సరుకు తేవాల్సి వస్తుంది, మళ్లీ చిక్కులే. ఇప్పటి మిగులు 39,400. 24 లక్షల మీద నెల వడ్డీ 22,000. అది కడితే 17,400 ఉంటుంది. అందులో 15 వేలు చొప్పున సరుకుల బాకీ తీరుస్తూ పోతే సరిగ్గా ఆరు నెలలకు అయిపోతుంది. కాబట్టి అడగాల్సింది ఆరు నెలలు, ఆ ఆరు నెలలూ వడ్డీ మాత్రం కడతానని. ఎనిమిది అన్నా, పన్నెండు అన్నా ఎందుకో చెప్పలేడు. ఆరు అంటే చెప్పగలడు.

ఆరు నెలల తర్వాత మళ్లీ పాత 51,367 మొదలుపెడితే సరిపోదా అని కమిటీలో ఎవరైనా అడగవచ్చు. ఇక్కడే యజమాని తన ఆశను కాక, తన భయాన్ని లెక్క వేయాలి. అతని అంచనా ప్రకారం అమ్మకం 4 లక్షల 80 వేల దగ్గర నిలబడుతుంది. అప్పుడు మిగులు 63,400. పాత వాయిదా కట్టినా పన్నెండు వేలు మిగులుతుంది. కానీ 4 లక్షల 50 వేల దగ్గరే ఆగిపోతే? మిగులు 49 వేలు. పాత వాయిదాకు ఇంచుమించు 2,400 తక్కువ పడుతుంది. ప్రతి నెలా అంతంత తక్కువ పడుతూ పోతే ఏడాదిలో మళ్లీ ఇదే కుర్చీలో కూర్చోవాలి. మిగిలిన అప్పును ఆరు నెలల తర్వాత 78 వాయిదాలుగా వేయమంటే ఒక్కోటి సుమారు 43,200 అవుతుంది. 4 లక్షల 50 వేల అమ్మకంలోనూ అది కట్టి ఐదారు వేలు మిగుల్చుకోవచ్చు. 4 లక్షల 80 వేలయితే మిగులు వాయిదాకు దాదాపు ఒకటిన్నర రెట్లు. బ్యాంకులు చూసే కొలత ఇదే, దీన్ని డీఎస్‌సీఆర్ అంటారు. కట్టాల్సిన దానికి మిగులు ఎన్ని రెట్లుందో చెప్పే అంకె. ఒకటికి ఒకటి సరిపోతే బ్యాంకుకు చాలదు, ఒకటింపావు అయినా ఉండాలని సాధారణంగా కోరుకుంటారు. 4 లక్షల 60 వేల అమ్మకం దగ్గర మన హోటల్ ఆ ఒకటింపావును దాదాపు అందుకుంటుంది. ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన అంకె ఈ 4 లక్షల 60 వేలే. ఇప్పటి 4 లక్షల 30 వేల నుంచి అక్కడికి చేరడం నమ్మదగినదేనా అన్నదే కమిటీ ముందున్న అసలు ప్రశ్న.

నమ్మించేది ఆధారం. కోలుకుంటున్నామన్న మాటకు హోటల్ వ్యాపారంలో ఆధారాలు చాలా దొరుకుతాయి, కానీ అవి ఒకదాన్నొకటి బలపరచాలి. కరెంట్ ఖాతా స్టేట్‌మెంట్, యూపీఐ క్యూఆర్ సెటిల్‌మెంట్, కార్డు మెషిన్ రిపోర్టు, డెలివరీ కంపెనీలు వారం వారం వేసే డబ్బు, జీఎస్టీ రిటర్నులు. ఇవన్నీ యజమాని తన చేత్తో రాసుకున్నవి కావు, ఇతరుల కంప్యూటర్లలోంచి వచ్చినవి. అందుకే వాటికి విలువ.

జీఎస్టీ రిటర్ను దగ్గర హోటళ్లకు ప్రత్యేకంగా ఒక తిరకాసు ఉంది. 2022 జనవరి 1 నుంచి డెలివరీ యాప్‌ల ద్వారా అమ్మిన భోజనం మీద పన్ను కట్టే బాధ్యత ఆ యాప్ కంపెనీలదే. జీఎస్టీఆర్-3బి ఫారంలో హోటల్ యజమాని ఆ అమ్మకాలను మామూలు అమ్మకాలతో కలపకుండా 3.1.1 అనే వేరే పట్టికలో చూపిస్తాడు. మన ఉదాహరణలో 4 లక్షల 30 వేలలో కౌంటర్ అమ్మకం 3 లక్షల 70 వేలు, యాప్‌లది 60 వేలు. రిటర్నులో పై పట్టిక ఒక్కటే చూసిన అధికారికి 3 లక్షల 70 వేలే కనిపిస్తుంది. ఉత్తరంలో 4 లక్షల 30 వేలు అని ఉంటుంది. యజమాని అంకె పెంచి రాశాడనుకుంటాడు. ఇక బ్యాంకు ఖాతాలోకి యాప్ నుంచి 60 వేలు రావు, కమీషన్ పోగా మిగిలిందే వస్తుంది. మూడు కాగితాల్లో మూడు అంకెలు. ఏదీ తప్పు కాదు. ఒక్క పేరాలో ఈ తేడాలు ఎందుకొచ్చాయో రాసేస్తే అనుమానానికి చోటుండదు. రాయకపోతే మాత్రం ఆ ఒక్క తేడా ఉత్తరమంతటినీ మింగేస్తుంది.

ఇంకో సంగతి కటువుగా ఉన్నా చెప్పాలి. నగదు అమ్మకంలో కొంత రిటర్నులో చూపని హోటళ్లు ఉన్నాయి. అప్పు సవరించమని అడిగేటప్పుడు అసలు అమ్మకం ఇంతకంటే ఎక్కువండీ అని మేనేజర్ చెవిలో చెప్పి లాభం లేదు. కమిటీ కాగితాన్నే చూస్తుంది. రిటర్నులో లేని అమ్మకంతో వాయిదా కట్టగలనని రాస్తే అది కోలుకున్నట్టు ఆధారం కాదు, పన్ను ఎగవేతకు ఒప్పుకోలు. కోలుకునే ఆ మూడు నెలల్లోనైనా ప్రతి రూపాయీ బిల్లు మెషిన్ మీదుగా వెళ్లి తీరాలి.

యజమాని అంతగా పట్టించుకోని ఆధారం వంటగదిలోనే ఉంది. అదే గ్యాస్ బండల లెక్క. అమ్మకం 2 లక్షల 70 వేలకు పడిన నెలలో ఆ హోటల్ వాడినవి 19 కిలోల కమర్షియల్ బండలు పది. 4 లక్షల 30 వేలు వచ్చిన నెలలో పదహారు. రెండు నెలల్లోనూ బండకు దాదాపు 27 వేల అమ్మకం. ఏజెన్సీ బిల్లులు జతచేస్తే అమ్మకం అంకె పొయ్యి దగ్గర కూడా నిజమేనని తేలుతుంది. అమ్మకం అరవై శాతం పెరిగి, బండలు మాత్రం అలాగే ఉంటే, అనుభవమున్న అధికారి ఆగి అడుగుతాడు. పాల బిల్లులు, బియ్యం బస్తాలు కూడా ఇలాగే పనికొస్తాయి గానీ బండల లెక్కకు దొంగ బిల్లు పుట్టించడం కష్టం.

కష్టం ఎక్కడినుంచి వచ్చిందో, అది తొలగిపోయిందో లేదో కూడా చూపాలి. రోడ్డు మూసినట్టు మునిసిపాలిటీ నోటీసు, తెరిచిన తేదీ, ముందూ తర్వాతా ఫొటోలు. బయటి కారణం వల్ల దెబ్బతిని, ఆ కారణం పోయాక లేస్తున్న వ్యాపారం వేరు, వంట బాగోలేక, పక్కన కొత్త హోటల్ వచ్చి జనం అటు మళ్లిన వ్యాపారం వేరు. రెండోదానికి గడువు ఇచ్చి ప్రయోజనం లేదని బ్యాంకు అనుకుంటే తప్పు పట్టలేం. ఉత్తరంలో ఆ భాగం ఇలా ఉండవచ్చు:

"బ్రాంచ్ మేనేజర్ గారికి నమస్కారములు. నా టర్మ్ లోన్‌లో 24 వాయిదాలు చెల్లించాను. హోటల్ ముందు వంతెన పనుల వల్ల ఏడు నెలలు రోడ్డు మూసివేయడంతో నెల అమ్మకం 6,00,000 నుంచి 2,70,000కు తగ్గింది (నోటీసు జత 1). రోడ్డు తెరిచిన తర్వాత అమ్మకాలు 3,30,000, 3,80,000, 4,30,000కు పెరిగాయి (స్టేట్‌మెంట్లు, రిటర్నులు, గ్యాస్ బిల్లులు జత 2 నుంచి 5). స్థిర ఖర్చులను నెలకు 40,000 తగ్గించుకున్నాను (కొత్త అద్దె ఒప్పందం జత 6). ప్రస్తుత మిగులు 39,400 కనుక 51,367 వాయిదా చెల్లించలేకపోతున్నాను. మొదటి ఆరు నెలలు వడ్డీ సుమారు 22,000 చెల్లించి, ఏడో నెల నుంచి సుమారు 43,200 చొప్పున 78 వాయిదాలు చెల్లించేలా గడువు సవరించవలసిందిగా కోరుతున్నాను. అమ్మకం 4,50,000 వద్దే ఆగినా ఈ వాయిదా చెల్లించగలనని లెక్క జతపరిచాను. సరుకుల వ్యాపారులకు 90,000 బాకీ ఉంది, దానిని ఆరు నెలల్లో తీరుస్తాను. నాకు వేరే అప్పులు లేవు. మా సంస్థ ఉద్యమ్‌లో నమోదై ఉంది (జత 7). ఈ దరఖాస్తును ఎంఎస్‌ఎంఈల పునరుద్ధరణ విధానం కింద పరిశీలించ ప్రార్థన."

అంతే, ఒక పేజీ. మిగతాదంతా జతల్లో ఉంటుంది. కమిటీలో తెలుగు రానివాళ్లు ఉండే అవకాశం ఉంది కాబట్టి ఇంగ్లిషు ప్రతి కూడా జతచేయడం మంచిది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద బ్రాంచ్ ముద్ర, తేదీ వేయించుకోవాలి. ప్రో నిట్స్ తీర్పు తర్వాత ఆ ముద్రకు విలువ ఇంకా పెరిగింది.

"వేరే అప్పులు లేవు" అన్న వాక్యం నిజమైతేనే రాయాలి. బంగారం మీద తెచ్చింది, యాప్‌లో తీసుకున్నది, రోజువారీ వసూళ్ల ఫైనాన్సు, పాడేసిన చీటీకి కట్టాల్సిన సొమ్ము, ఏదున్నా చెప్పాలి. బంగారం అప్పు, యాప్ అప్పు సిబిల్ రిపోర్టులో ఎలాగూ కనిపిస్తాయి. రోజువారీ ఫైనాన్సు ఖాతాలోంచి పోయే డబ్బులో కనిపిస్తుంది. దొరికిపోయిన తర్వాత మిగతా అంకెలన్నిటి మీదా నమ్మకం పోతుంది.

ఉత్తరం ఇచ్చినంత మాత్రాన రోజుల లెక్క ఆగదు. నలభయ్యో రోజున ఇస్తే తొంభైకి ఇంకా యాభై రోజులే ఉన్నాయి. ఈలోగా నెలకు 22 వేలు కడుతున్నాను కదా అని ధీమాగా ఉండకూడదు. కొసరుగా కట్టింది పాత వాయిదాకే జమ అవుతుంది, కానీ ఆ వాయిదా పూర్తిగా తీరేదాకా దాని తేదీ నుంచే రోజులు నడుస్తాయి. అదే ఒక పూర్తి వాయిదా, అంటే 51,367 ఒకేసారి కట్టగలిగితే, 25వ వాయిదా తీరిపోయి లెక్క 26వ దానినుంచి మొదలవుతుంది, నెల రోజులు వెనక్కి జరుగుతుంది. సరుకుల వాళ్లను ఒక నెల ఓపిక పట్టమని ఆ ఒక్క వాయిదా సర్దగలిగితే అది చాలా తెలివైన ఖర్చు. ఒకసారి మొండిబకాయి అయ్యాక ఇలా ఒక్క వాయిదా కట్టి బయటపడలేరు, మొత్తం బకాయి తీర్చాలి.

సవరణకు ధర ఉంది. మొదటిది వడ్డీ. పాత లెక్కన ఇంకా కట్టాల్సింది దాదాపు 30 లక్షల 82 వేలు. కొత్త లెక్కన 35 లక్షలు దాటుతుంది. నాలుగు లక్షల పైచిలుకు ఎక్కువ. అమ్మకం అనుకున్నదానికంటే బాగా పెరిగితే ముందే ఎక్కువ కట్టి దీన్ని తగ్గించుకోవచ్చు.

రెండోది ఇంతకంటే పెద్దది, చాలామందికి సంతకం చేశాకే తెలిసేది. సాధారణ నిబంధనల ప్రకారం, రుణగ్రహీత ఇబ్బందుల్లో ఉన్నందువల్ల బ్యాంకు గడువు గానీ వాయిదా గానీ సడలిస్తే, అప్పటిదాకా మామూలుగా ఉన్న ఖాతాను కూడా మొండిబకాయిల వర్గంలోకి దించాలి. కోవిడ్ కాలంలో 2020, 2021లలో ఇచ్చిన ప్రత్యేక పథకాల్లో ఈ దించడం లేకుండా సవరణకు అనుమతించారు. ఆ పథకాల గడువు ముగిసింది. సిబిల్ రిపోర్టులోనూ సవరణ జరిగినట్టు నమోదవుతుంది. 25 కోట్ల లోపు అప్పులున్న చిన్న సంస్థల విషయంలో, కొత్త షెడ్యూలు ప్రకారం చెల్లింపులు మొదలయ్యాక ఏడాది పాటు ఏ వాయిదా 30 రోజులకు మించి ఆగకుండా కడితే ఖాతాను మళ్లీ మామూలు వర్గంలోకి మార్చవచ్చు. కొత్త అప్పు కావాలన్నా, ఇంకో బ్రాంచ్ హోటల్ పెట్టాలన్నా ఆ ఏడాది, ఆ తర్వాత కొంతకాలం కూడా తలుపులు మూసి ఉంటాయనే అనుకోవాలి.

అందుకే ఇబ్బంది నిజంగా రెండు మూడు నెలలదే అయితే సవరణ అడగకపోవడమే మంచిది. 2016 విధానంలోనే మూడు దారులున్నాయి. లోపాన్ని సరిదిద్దుకుంటానని యజమాని ఒక కాలక్రమంతో మాట ఇచ్చి ఖాతాను దారిలో పెట్టుకోవడం మొదటిది. గడువు, వాయిదా మార్చే సవరణ రెండోది. రెండూ పనికిరావనుకుంటే వసూలుకు దిగడం మూడోది. మన హోటల్ యజమాని మొదటి దారిలో ఎందుకు వెళ్లలేడో అతని లెక్కే చెబుతోంది. తప్పిన రెండు వాయిదాలు లక్ష దాటాయి, వాటిని నెలవారీ మిగులులోంచి తీర్చే అవకాశం లేదు. లెక్క వేయకుండా సవరణ అడిగేవాళ్లు తమకు అవసరంలేని మచ్చను తెచ్చుకుంటారు, లెక్క వేయకుండా సవరణకు వెనకాడేవాళ్లు తొంభై దాటేస్తారు.

కమిటీ వసూలే మార్గమని తేలిస్తే పది పని దినాల్లోపు పునఃపరిశీలన అడిగే వీలుంది. రికార్డులో స్పష్టమైన పొరపాటు జరిగినా, ముందు చూపలేకపోయిన ముఖ్యమైన కొత్త ఆధారం దొరికినా అడగవచ్చు. ఉదాహరణకు నాలుగో నెల అమ్మకం ఈలోగా 4 లక్షల 60 వేలు దాటి ఉంటే ఆ స్టేట్‌మెంట్, ఆ రిటర్ను అలాంటి ఆధారమే. ఉత్తరానికి బ్యాంకు అసలు జవాబే ఇవ్వకపోతే, ముప్పై రోజుల తర్వాత రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే అంబుడ్స్‌మన్ జవాబు ఇవ్వలేదన్న సేవా లోపాన్ని చూస్తాడు తప్ప, సవరణ ఇచ్చి తీరాలని బ్యాంకును ఆదేశించడు. అది బ్యాంకు వ్యాపార నిర్ణయం.

ఒప్పుకుంటే కొత్త మంజూరు పత్రం వస్తుంది. సంతకానికి ముందు మూడు చోట్ల వేలు పెట్టి చదవాలి. ఆరు నెలల వడ్డీ ప్రతి నెలా కట్టాలా, లేక పోగుచేసి అసలులో కలుపుతారా అన్నది ఒకటి. కలిపితే 43,200 వాయిదా పెరుగుతుంది, మన లెక్క చెదురుతుంది. వాయిదా ఆలస్యమైతే వేసే జరిమానా రెండోది. రిజర్వ్ బ్యాంకు 2023లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాన్ని జరిమానాగానే వేయాలి, వడ్డీ రేటులో కలపకూడదు, దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు. క్యూఆర్, కార్డు అమ్మకాలన్నీ ఆ బ్యాంకు ఖాతాకే రావాలన్న షరతు మూడోది. ఇది ఉండటం మామూలే, పైగా యజమానికీ మేలే. ప్రతి నెలా ఆధారం తనంతట తానే బ్యాంకు ముందు పడుతుంది. కానీ యాప్ కంపెనీల దగ్గర, క్యూఆర్ కంపెనీ దగ్గర ఖాతా మార్చడానికి రోజులు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టాలి.

హామీదారు సంగతి చివరిదాకా మర్చిపోతారు. అప్పు తీసుకున్నప్పుడు బావమరిదో, స్నేహితుడో హామీ సంతకం పెట్టి ఉంటాడు. ఒప్పందం షరతులు తన అనుమతి లేకుండా మారిస్తే, ఆ మార్పు తర్వాతి లావాదేవీలకు హామీదారు బాధ్యుడు కాడని భారత ఒప్పందాల చట్టం 133వ సెక్షన్ చెబుతుంది. అందుకే బ్యాంకు అతన్నీ పిలిచి సంతకం అడుగుతుంది. ఏడేళ్ల హామీ అనుకున్న మనిషికి అది తొమ్మిదేళ్లయిందని బ్రాంచ్‌లో కాగితం చూపి చెప్పడం న్యాయం కాదు. ఉత్తరం రాయడానికి ముందే అతని ఇంటికి వెళ్లి, అమ్మకాల లెక్క ముందు పెట్టి, 4 లక్షల 50 వేల దగ్గర ఆగినా కట్టగలనని చూపాలి. అతను ఒప్పుకోకపోతే ఆ సంగతి బ్యాంకుకు ముందే తెలియాలి. వేరే హామీ గానీ, అదనపు తాకట్టు గానీ చూసుకోవడానికి ఆ తొంభై రోజుల్లోనే సమయం మిగలాలి.